మంజూరైన ఇంటి రుణం వద్దనుకుంటే బ్యాంకుకు ఏం రాయాలి, ఎంతవరకు రాయాలి?

ప్రశ్న: నమస్కారమండీ. బాచుపల్లి దగ్గర కడుతున్న అపార్ట్‌మెంట్‌లో ఫ్లాట్ కోసం నాకూ మా ఆవిడకూ కలిపి 42 లక్షల హోమ్ లోన్ శాంక్షన్ అయింది. శాంక్షన్ లెటర్ మీద, అగ్రిమెంట్ మీద సంతకాలు పెట్టేశాం. మూడు చెక్కులు కూడా ఇచ్చాం. డబ్బు ఇంకా రిలీజ్ కాలేదు. ఇప్పుడు బిల్డర్ ఇల్లు అప్పగించే తేదీని ఏడాదిన్నర వెనక్కి జరిపాడు, మాకు ఇక వద్దనిపిస్తోంది. బ్రాంచిలో అడిగితే "మీరు తీసుకోకపోతే దానంతట అదే లాప్స్ అవుతుంది, లెటర్ ఎందుకు" అన్నారు. లోన్ ఇప్పించిన ఏజెంటేమో "ఎలిజిబిలిటీ లేక రిజెక్ట్ అయినట్టు బ్యాంకు నుంచి రాయించుకోండి, బిల్డర్ అడ్వాన్స్ మొత్తం తిరిగిస్తాడు" అంటున్నాడు. లెటర్ రాయాలా? రాస్తే ఏ కారణం రాయాలి? ప్రాసెసింగ్ ఫీజు కింద కట్టిన 11,800 వస్తాయా? సిబిల్ పడిపోతుందా?

జవాబు:

తప్పకుండా రాయండి, అదీ ఈ వారంలోనే రాయండి. నేను ఒక ప్రభుత్వ రంగ బ్యాంకులో గృహ రుణాల విభాగంలో చాలా ఏళ్లు పనిచేసి పదవీ విరమణ చేశాను. ఆ బల్లకు అవతలి వైపు కూర్చున్నవాడిగా చెబుతున్నాను, బ్రాంచిలో మీకు చెప్పిన మాట అబద్ధం కాదు గానీ సగమే నిజం. శాంక్షన్ లెటర్‌కు గడువు ఉంటుంది. అది ఎంతకాలమో ఆ లెటర్‌లోనే రాసి ఉంటుంది, సాధారణంగా మూడు నుంచి ఆరు నెలలు. ఆ గడువు దాటితే పాత షరతుల మీద రుణం ఇవ్వాల్సిన బాధ్యత బ్యాంకుకు పోతుంది. అయితే లాప్స్ అయ్యేది బ్యాంకు ఇచ్చిన మాట మాత్రమే. మీరు సంతకాలు పెట్టి ఇచ్చిన కాగితాలు, చెక్కులు, ఖాతా నుంచి వాయిదా సొమ్ము కోసుకోవడానికి మీరిచ్చిన నాచ్ మాండేట్ వాటంతట అవి రద్దు కావు. పైగా ఆ గడువు పూర్తయ్యే వరకు రుణం సజీవంగానే ఉంటుంది, మీకు అసలు ప్రమాదం ఉన్నది కూడా ఆ మధ్యకాలంలోనే.

ఆ ప్రమాదం ఏమిటో వివరంగా చెబుతాను, ఎందుకంటే ఉత్తరంలో ఏ వాక్యం ముందు రావాలో దాన్ని బట్టే తెలుస్తుంది. అగ్రిమెంట్ రోజున మీ చేత ఇరవై ముప్పై సంతకాలు పెట్టించి ఉంటారు. ఆ కట్టలో "నా రుణంలో ఇంత మొత్తాన్ని ఫలానా బిల్డర్ ఖాతాకు విడుదల చేయండి" అనే అభ్యర్థన పత్రం కూడా చాలాసార్లు ఉంటుంది. అందులో తేదీ, మొత్తం ఖాళీగా వదిలేసి సంతకం ఒక్కటే తీసుకునే అలవాటు చాలా చోట్ల ఉంది. ప్రతిసారీ మిమ్మల్ని పిలిపించే పని తప్పుతుందని అలా చేస్తారు తప్ప అందులో దురుద్దేశం ఏమీ ఉండదు. కడుతున్న భవనమైతే దీనికి తోడు మీరు, బిల్డర్, బ్యాంకు కలిసి చేసుకున్న త్రైపాక్షిక ఒప్పందం కూడా ఉంటుంది. ఒక స్లాబ్ పూర్తి కాగానే బిల్డర్ డిమాండ్ లెటర్ పంపిస్తాడు, బ్యాంకు ఇంజనీరు చూసి వచ్చి పని జరిగిందని రాస్తాడు. అప్పుడు విడుదల చేసే అధికారి ముందు మూడు కాగితాలు ఉంటాయి: డిమాండ్ లెటర్, ఇంజనీరు నివేదిక, మీ సంతకం ఉన్న అభ్యర్థన. మీరు వద్దనుకుంటున్నారని ఆయనకు తెలిపే కాగితం మాత్రం ఏదీ ఉండదు. మీరు నోటితో చెప్పినది బ్రాంచిలో మేనేజరుకు, ఫైలు ఉన్నదేమో ఇంకెక్కడో ఉన్న ప్రాసెసింగ్ సెంటర్‌లో.

నేను పనిచేసిన చోటే ఇలాంటిది ఒకటి జరిగింది. దంపతులు ఇద్దరూ వచ్చి "మాకు వద్దండీ" అని చెప్పి వెళ్లారు, మేమూ సరేనన్నాం. ఆ తరువాత బ్రాంచిలో అధికారి బదిలీ అయ్యాడు, కొత్తగా వచ్చినాయన డిమాండ్ లెటర్ చూసి 12 లక్షలు బిల్డర్‌కు పంపించేశాడు. అప్పటి వడ్డీ 9 శాతం, అంటే వాయిదాలు మొదలుకాక ముందు నెలనెలా కట్టాల్సిన వడ్డీ 9,000 రూపాయలు. బిల్డర్ ఆ సొమ్ము వెనక్కి పంపడానికి రెండున్నర నెలలు పట్టింది. ఆ 22,500 ఎవరు భరించాలన్న దాని మీద చాలాకాలం వాదన నడిచింది. దంపతులు చెప్పారన్న సంగతి మాకందరికీ గుర్తే, కానీ ఫైలులో ఒక్క అక్షరం లేదు. చివరికి సగం సగం పంచుకున్నారు. ముద్ర పడిన ఒక్క ఉత్తరం ఉండి ఉంటే వాళ్లు ఒక్క రూపాయి కూడా కట్టాల్సి వచ్చేది కాదు.

కాబట్టి మీ ఉత్తరం మొదటి పని కారణం చెప్పడం కాదు, విడుదలను ఆపడం. "ఈ తేదీ తరువాత మా రుణం నుంచి ఎవరికీ ఏ మొత్తమూ విడుదల చేయవద్దు, ఇంతకుముందు మేము సంతకం చేసి ఇచ్చిన విడుదల అభ్యర్థనలను ఉపసంహరించుకుంటున్నాము" అన్న మాట మొదటి పేరాలోనే, విడిగా, స్పష్టంగా ఉండాలి. నేను చూసిన ఉత్తరాలలో ఎక్కువ భాగం పేజీ నిండా కష్టాలు చెప్పుకుని, చివరి వాక్యంలో "కావున రుణం వద్దని మనవి" అని ముగిసేవి. టపా చూసే గుమస్తా మొదటి నాలుగు వరుసలు చదివి, అదేదో వడ్డీ తగ్గించమని అడిగే అర్జీ అనుకుని పక్కన పెట్టిన సందర్భాలు ఉన్నాయి.

రుణం ఏ దశలో ఉందన్నది ఉత్తరంలో రెండో ముఖ్యమైన విషయం. దరఖాస్తు మాత్రమే ఇచ్చి శాంక్షన్ రాకముందు వద్దనుకునే వారి పని సులువు. భారత కాంట్రాక్టు చట్టం, 1872లోని 5వ సెక్షన్ ప్రకారం ఒక ప్రతిపాదనను ఎదుటివారి అంగీకారం పూర్తయ్యేలోగా ఎప్పుడైనా వెనక్కి తీసుకోవచ్చు. అందువల్ల వాళ్లు "నా దరఖాస్తును ఉపసంహరించుకుంటున్నాను" అని రెండు వాక్యాలు రాస్తే చాలు, కారణం రాయకపోయినా ఎవరూ ఏమీ అనరు. శాంక్షన్ వచ్చి దాని మీద అంగీకార సంతకం పెట్టనివారు "అంగీకరించడం లేదు" అని రాయాలి. మీరు ఆ రెండు దశలూ దాటి ఒప్పందం మీద సంతకం చేశారు. అందుకని "దరఖాస్తు ఉపసంహరణ" అనే మాట మీకు సరిపోదు. ఒప్పందం జరిగిందని, కానీ ఒక్క రూపాయి కూడా విడుదల కాలేదని, ఆ స్థితిలో రుణాన్ని రద్దు చేసి ఖాతా మూసివేయమని కోరుతున్నామని రాయాలి. విషయం అనే చోట "మంజూరైన, విడుదల కాని గృహ రుణం రద్దు" అని ఉంటే ఆ కాగితం నేరుగా సంబంధిత బల్ల మీదికే వెళుతుంది.

ఇక కారణం దగ్గరకు వద్దాం. మీ ప్రశ్నలో నాకు ఎక్కువ ఆందోళన కలిగించినది ఏజెంటు సలహా. బ్యాంకు శాంక్షన్ చేసిన రుణాన్ని తిరస్కరించినట్టుగా ఏ అధికారీ రాసి ఇవ్వడు, ఇవ్వకూడదు. మీరు "మాకు అర్హత లేదు కాబట్టి వద్దు" అని మీ చేతితో రాసి ఇచ్చినా చిక్కే. రేపు మీరు ఇంకో ఇంటికి అదే బ్యాంకుకు వెళ్లినప్పుడు పాత ఫైలులో మీ సంతకంతో ఉన్న ఆ వాక్యం మీ ఆదాయం గురించి మీరే ఇచ్చిన వాంగ్మూలంలా పనిచేస్తుంది. బిల్డర్ విషయంలో కూడా అది మీకు మేలు చేయదు. అమ్మకం ఒప్పందాలలో చాలా వాటిలో రుణం రాకపోతే ఏం చేయాలి, కొనేవారే విరమించుకుంటే ఎంత కోసుకోవాలి అని వేర్వేరు షరతులు ఉంటాయి, ఏజెంటు మనసులో ఉన్నది ఆ తేడానే. కానీ మీ రుణం మంజూరైందన్న సంగతి త్రైపాక్షిక ఒప్పందం ద్వారా బిల్డర్‌కు ఇప్పటికే తెలుసు. లేని తిరస్కరణను చూపించి అడ్వాన్స్ అడిగితే, ఆ కాగితమే మీ మీద ఆయనకు ఆయుధమవుతుంది. మీ చేతిలో ఇంతకంటే బలమైన నిజమైన కారణం ఉంది: తేదీ జరిపింది ఆయన.

ఆ కారణాన్నే రాయండి, అయితే ఒకే వాక్యంలో, తేదీలతో, విశేషణాలు లేకుండా రాయండి. "బిల్డర్ మోసం చేశాడు", "నమ్మించి గొంతు కోశాడు" వంటి మాటలు బ్యాంకుకు అవసరం లేదు, రుజువు చేయలేకపోతే మీకే తలనొప్పి. "అప్పగింత తేదీని ఇంత నుంచి ఇంతకు మార్చినట్టు నిర్మాణ సంస్థ ఫలానా తేదీ లేఖలో తెలిపినందున కొనుగోలును కొనసాగించడం లేదు" అని రాస్తే చాలు. ఆ లేఖ నకలు ఒకటి జతచేయండి. బిల్డర్‌కు రాసే ఉత్తరంలోనూ అక్షరం మారకుండా ఇదే కారణం ఉండాలి. బ్యాంకుకు ఒక కారణం, బిల్డర్‌కు మరో కారణం రాసినవాళ్లు ఆ తరువాత రియల్ ఎస్టేట్ నియంత్రణ సంస్థ అయిన రెరా ముందు నిలబడినప్పుడు, అవతలి న్యాయవాది రెండు కాగితాలనూ పక్కపక్కన పెట్టి చూపిస్తాడు.

ఇది చదివే ఇతరుల కారణాలు వేరుగా ఉండవచ్చు కాబట్టి రెండు మాటలు చెబుతాను. వేరే బ్యాంకులో వడ్డీ తక్కువగా వస్తున్నదన్నది కారణమైతే అది దాచాల్సిన పని లేదు, ఆ రేటును అంకెతో సహా రాయండి. బ్యాంకు తన రేటు తగ్గిస్తానని ముందుకు వచ్చేది ఈ ఒక్క కారణానికే. ఉద్యోగం పోవడమో, ఇంట్లో అనారోగ్యమో కారణమైతే "మా ఆర్థిక పరిస్థితులలో వచ్చిన మార్పు వల్ల" అన్నంత వరకే రాయండి. అబద్ధం రాయకూడదు గానీ, అంతా రాయాల్సిన బాధ్యత కూడా మీకు లేదు, డబ్బు తీసుకోనివాడు తన సంపాదన గురించి బ్యాంకుకు సంజాయిషీ ఇవ్వనక్కరలేదు. ఆస్తి పత్రాలలో లోపం కనిపించి మానుకున్నవాళ్లు మాత్రం ఏ పత్రం లేదో, ఏ లింకు డాక్యుమెంటు తెగిందో పేర్కొనడం మంచిది, బ్యాంకు న్యాయవాది చూడనిది మీరు చూసి ఉంటే ఆ సంగతి ఫైలులో నమోదు కావాలి.

మీ ఉత్తరం సుమారుగా ఇలా ఉండాలి. తేదీలు నేను ఊహించి వేసినవి, మీవి వేసుకోండి.

తేదీ: 09-02-2026, హైదరాబాద్.

బ్రాంచి మేనేజరు గారికి, (బ్యాంకు, శాఖ పేరు). ప్రతి: గృహ రుణాల ప్రాసెసింగ్ సెంటర్.

విషయం: మంజూరైన, విడుదల కాని గృహ రుణం రద్దు గురించి. శాంక్షన్ లెటర్ నెంబరు (......), తేదీ 14-11-2025, మొత్తం రూ. 42,00,000. రుణ ఖాతా నెంబరు (......).

అయ్యా,

పైన తెలిపిన రుణం మాకు మంజూరైనది, ఒప్పంద పత్రాలపై సంతకాలు కూడా జరిగినవి. ఈ రోజు వరకు ఈ రుణం నుంచి ఏ మొత్తమూ విడుదల కాలేదు. ఈ రుణాన్ని మేము వినియోగించుకోదలచుకోలేదు. ఈ లేఖ అందిన సమయం నుంచి నిర్మాణ సంస్థకు గాని మరెవరికి గాని ఏ మొత్తమూ విడుదల చేయవద్దని, ఇంతకుముందు మేము సంతకం చేసి ఇచ్చిన విడుదల అభ్యర్థనలన్నిటినీ ఉపసంహరించుకుంటున్నామని తెలియజేస్తున్నాము.

కారణం: ఫ్లాటును 31-12-2026 నాటికి అప్పగించాల్సి ఉండగా, ఆ తేదీని 30-06-2028కి మార్చినట్టు నిర్మాణ సంస్థ 02-02-2026 తేదీ లేఖలో తెలిపినందున మేము ఈ కొనుగోలును కొనసాగించడం లేదు. ఆ లేఖ నకలు జతచేశాము.

కావున రుణాన్ని రద్దు చేసి, రుణ ఖాతాను మూసివేసి, మా నుంచి ఏ బకాయీ లేదని తెలిపే లేఖ ఇప్పించగలరు. మేము ఇచ్చిన మూడు చెక్కులను (నెంబర్లు ......) తిరిగి ఇప్పించి, నాచ్ మాండేట్‌ను రద్దు చేయించగలరు. మా వద్ద నుంచి తీసుకున్న అసలు పత్రాలు ఏవైనా ఉంటే వాటి జాబితాతో తిరిగి ఇప్పించగలరు. ప్రాసెసింగ్ ఫీజుగా మేము చెల్లించిన రూ. 11,800లో ఖర్చు కాని భాగాన్ని మా పొదుపు ఖాతాకు జమచేయగలరు. తిరిగి రాని భాగం ఏదైనా ఉంటే అది ఏ పద్దు కింద ఖర్చయినదో తెలుపగలరు.

ఇట్లు, (మొదటి దరఖాస్తుదారు సంతకం), (సహ దరఖాస్తుదారు సంతకం).

ఇద్దరి సంతకాలూ తప్పనిసరి. ఒక్కరే సంతకం చేసిన ఉత్తరం మీద చర్య తీసుకోవడానికి మాకు వీలుండేది కాదు, దాన్ని తిప్పి పంపడంతోనే పది రోజులు గడిచేవి. హామీదారు ఉంటే ఆయన చేత కూడా సంతకం పెట్టించండి. ఉత్తరం తెలుగులో ఇచ్చినా బ్రాంచి తీసుకోవాలి, కానీ మీ ప్రాసెసింగ్ సెంటర్ వేరే రాష్ట్రంలో ఉంటే ఇంగ్లీషు ప్రతిని కూడా జతచేయండి, అనువాదం కోసం ఫైలు ఆగదు. రెండు ప్రతులు తీసుకెళ్లి ఒకదాని మీద తేదీతో సహా ఇన్‌వర్డ్ ముద్ర వేయించుకోండి. ముద్ర వేయడానికి మొహమాటపడితే వాదన పెట్టుకోకుండా స్పీడ్ పోస్టులో పంపి, అందినట్టు వచ్చే రుజువును దాచుకోండి. అదే రోజు ఉత్తరాన్ని స్కాన్ చేసి, రుణానికి మీరు నమోదు చేసిన ఈమెయిల్ నుంచి బ్రాంచికీ ప్రాసెసింగ్ సెంటర్‌కూ పంపండి. ఫోటో తీసి మేనేజరు గారి వాట్సాప్‌కు పంపడం మర్యాదే గానీ రుజువు కాదు. తేదీ జరిపినట్టు బిల్డర్ రాసి ఇచ్చిన లేఖ మీ చేతిలో ఉంటే ఆ మరుసటి రోజు ఆయనకు కూడా ఒక ప్రతి వెళ్లాలి, లేకపోతే ఆయన డిమాండ్ లెటర్లు వస్తూనే ఉంటాయి.

ఫీజు సంగతి. మీరు కట్టిన 11,800లో 10,000 ఫీజు, 1,800 దాని మీద 18 శాతం జీఎస్టీ అయి ఉంటుంది. నిజం చెప్పాలంటే, మీ దశలో ఈ మొత్తం పూర్తిగా తిరిగి రావడం అరుదు, ఎందుకంటే ఫైలు పరిశీలన, న్యాయవాది అభిప్రాయం, విలువ కట్టడం అన్నీ అయిపోయాయి. అయినా ఉత్తరంలో అడగమన్నది రెండు కారణాల వల్ల. ఏ ఫీజు ఎంత, దరఖాస్తు అంగీకరించని సందర్భంలో అందులో ఎంత తిరిగి వస్తుంది అన్న సమాచారం దరఖాస్తు ఫారంలోనే ఉండాలని రిజర్వు బ్యాంకు 2003లో రుణదాతల కోసం ఇచ్చిన న్యాయమైన వ్యవహార నియమావళిలో ఉంది. ఆ నియమం బ్యాంకు నిరాకరించిన దరఖాస్తుల గురించి చెప్పినదే, అయినా మీ ఫారంలో ఆ పక్కనే విరమించుకునేవారి గురించి కూడా ఒక వాక్యం ఉండే అవకాశం ఉంది, తీసి చూడండి. రెండోది, కొన్ని బ్యాంకులు ఒప్పందం రోజున స్టాంపు ఖర్చులు, తనఖా నమోదు ఖర్చులు కూడా ముందే తీసుకుంటాయి. వాడని స్టాంపు, చేయని నమోదు తాలూకు డబ్బు కచ్చితంగా మీది, అడగకపోతే అది ఎవరికీ గుర్తుండదు.

దీని కంటే ముఖ్యమైనది, మీ దగ్గర కొత్తగా రుసుం వసూలు చేయకుండా చూసుకోవడం. "రద్దు ఛార్జీ" పేరుతో ఏదైనా అడిగితే, మీకు ఇచ్చిన ముఖ్య వివరాల పత్రం తీయండి, దానినే అందరూ కేఎఫ్ఎస్ అంటారు. 2024 అక్టోబరు 1 నుంచి కొత్తగా ఇచ్చే రిటైల్ టర్మ్ రుణాలన్నిటికీ ఇది తప్పనిసరి. అందులో పేర్కొనని ఏ ఛార్జీనీ మీ స్పష్టమైన అంగీకారం లేకుండా వసూలు చేయడానికి వీల్లేదు. అలాగే విడుదల కాని రుణం మీద వడ్డీ అడిగితే ఒప్పుకోకండి. శాంక్షన్ తేదీ నుంచో ఒప్పందం తేదీ నుంచో వడ్డీ లెక్కించడం అన్యాయమని, డబ్బు నిజంగా చేతికి అందిన రోజు నుంచే లెక్కించాలని రిజర్వు బ్యాంకు 2024 ఏప్రిల్ 29న అన్ని రుణ సంస్థలకూ స్పష్టంగా చెప్పింది. రుణంతో పాటు అంటగట్టిన బీమా పాలసీ ఏదైనా ఉంటే, దాన్ని రద్దు చేయమని బీమా కంపెనీకి వేరే ఉత్తరం రాయాలి, బ్యాంకు ఉత్తరంలో ఒక వాక్యం కలిపితే సరిపోదు. పాలసీ పత్రం అందిన 30 రోజుల లోపు అయితే నచ్చలేదని తిప్పి పంపే హక్కు మీకు ఉంటుంది, ఆ గడువును మాత్రం జారవిడుచుకోకండి.

సిబిల్ గురించి భయపడాల్సినంత లేదు. మీరు దరఖాస్తు చేసినప్పుడు బ్యాంకు మీ నివేదికను చూసినట్టు ఒక విచారణ నమోదై ఉంటుంది, అది మీరు రుణం తీసుకున్నా మానుకున్నా అలాగే ఉంటుంది. దాన్ని తీసివేయమని బ్యాంకును అడగడం వృథా. రుణం వద్దనడం ఎగవేత కాదు, ఎక్కడా చెడ్డ ముద్రగా పడదు. చూసుకోవాల్సింది వేరే ఉంది. ఒప్పందం దశలో బ్యాంకు మీ పేరిట రుణ ఖాతా నెంబరు సృష్టించి ఉంటుంది, అది మూయకుండా వదిలేస్తే మీ నివేదికలో 42 లక్షల రుణం తెరిచి ఉన్నట్టు కనిపించవచ్చు. ఆరు నెలల తరువాత మీరు కారు రుణానికి వెళితే అక్కడి అధికారి ఇది చూసి, రాబోయే వాయిదాను మీ జీతంలోంచి ముందే తీసేసి లెక్క వేస్తాడు. లాప్స్ అవుతుందిలే అని ఊరుకున్నవాళ్లకు నేను చూసిన ఇబ్బందులలో ఎక్కువ భాగం ఇదే. కాబట్టి ఖాతా మూసినట్టు ఉత్తరం వచ్చిన నెల రోజులకు మీ క్రెడిట్ నివేదిక తీసి చూడండి, ప్రతి క్రెడిట్ సమాచార సంస్థా ఏడాదికి ఒక పూర్తి నివేదికను ఉచితంగా ఇవ్వాలి. మీ ఆవిడ నివేదిక కూడా తీయండి, ఆమె సహ దరఖాస్తుదారు కదా. తప్పుగా ఉంటే బ్యాంకుకూ ఆ సంస్థకూ ఫిర్యాదు పెట్టండి. 30 రోజులలో సరిచేయకపోతే ఆ తరువాత రోజుకు 100 రూపాయల చొప్పున పరిహారం ఇవ్వాలన్న నిబంధన 2024 ఏప్రిల్ 26 నుంచి అమలులో ఉంది.

చెక్కులు తిరిగి వచ్చినప్పుడు నెంబర్లు సరిచూసుకుని, "రద్దు" అని అడ్డంగా రాసి దగ్గర పెట్టుకోండి. నాచ్ మాండేట్ రద్దయిందో లేదో మీ జీతం పడే బ్యాంకు యాప్‌లో మాండేట్ల జాబితా చూస్తే తెలుస్తుంది. ఇక్కడ బిల్డర్‌తో ఉన్న ఒప్పందం మీదే కథ నడుస్తోంది కాబట్టి మీరు అసలు దస్తావేజులు డిపాజిట్ చేసి ఉండరనుకుంటాను. ఒకవేళ తనఖా పత్రం సబ్ రిజిస్ట్రార్ కార్యాలయంలో నమోదై ఉంటే మాత్రం అది ఆస్తి మీద ఉన్న తనఖాలు, లావాదేవీలు చూపే ఈసీలో కనిపిస్తుంది, ఉత్తరంతో పోదు, బ్యాంకు విడుదల పత్రం రాసి నమోదు చేయించాలి.

బ్యాంకు నుంచి జవాబు రాకపోతే రెండు వారాలు ఆగి, మొదటి ఉత్తరం తేదీని ప్రస్తావిస్తూ బ్యాంకు ఫిర్యాదుల విభాగానికి రాయండి. ఫిర్యాదు చేసిన 30 రోజులకు కూడా జవాబు లేకపోయినా, వచ్చిన జవాబు సరిగా లేకపోయినా రిజర్వు బ్యాంకు అంబుడ్స్‌మన్‌కు cms.rbi.org.in లో ఫిర్యాదు చేయవచ్చు, దానికి ఫీజు లేదు. అక్కడ మిమ్మల్ని మొదట అడిగేది బ్యాంకుకు ఏ తేదీన రాశారని. ఆ ఇన్‌వర్డ్ ముద్ర ఉన్న ప్రతిని అప్పుడు జతచేస్తారు.

బిల్డర్ దగ్గర అడ్వాన్స్ విషయం వేరే ప్రశ్నగా అడగడం మంచిది, కానీ ఈ ఉత్తరానికి ముడిపడిన ఒక్క సంగతి చెబుతాను. రెరా చట్టం 18వ సెక్షన్ ప్రకారం ఒప్పందంలోని తేదీకి ఇల్లు అప్పగించలేకపోతే కొనేవారు విరమించుకుని, కట్టిన సొమ్మును వడ్డీతో సహా తిరిగి కోరవచ్చు. మీ విషయంలో ఆ తేదీ ఇంకా రాకపోయి ఉంటే, "ఇంకా సమయం ఉంది కదా, మీరే తొందరపడ్డారు" అని ఆయన వాదిస్తాడు. దానికి జవాబు ఆ తేదీకి అప్పగించలేనని ఆయన స్వయంగా రాసి ఇచ్చిన లేఖే. తేదీ జరిపిన సంగతి మీకు ఫోన్‌లోనో సైట్ ఆఫీసులోనో నోటితో మాత్రమే చెప్పి ఉంటే, విడుదల ఆపమని బ్యాంకుకు ఈరోజే రాసి, కారణం పేరాలో "నిర్మాణ సంస్థ మౌఖికంగా తెలిపినందున" అని మాత్రం పెట్టండి. తరువాత బిల్డర్‌కు ఈమెయిల్ పంపి కొత్త తేదీని రాతపూర్వకంగా అడగండి, ఆ జవాబు వచ్చాక దాని నకలును బ్యాంకు ఫైలుకు అదనంగా చేర్చమని ఇంకో చిన్న ఉత్తరం ఇవ్వండి. విరమించుకుంటున్నామని బిల్డర్‌కు రాయడం మాత్రం ఆ జవాబు చేతికి వచ్చి, ఒక న్యాయవాదికి అమ్మకం ఒప్పందం చూపించిన తరువాతే.

(ఆన్‌లైన్ యాప్‌లో తీసుకున్న చిన్న రుణాల గురించి కింద ఒకరు అడిగారు. వాటి పద్ధతి వేరు. డిజిటల్ రుణాలలో డబ్బు ఖాతాలో పడిన తరువాత కూడా కనీసం ఒక రోజు మనసు మార్చుకునే గడువు ఇవ్వాలి, ఆ లోపు అసలు మొత్తాన్ని, వాడుకున్న రోజులకు వడ్డీని కట్టి జరిమానా లేకుండా బయటపడవచ్చు. ముందే తెలిపి ఉంటే సమంజసమైన ప్రాసెసింగ్ ఫీజును వాళ్లు ఉంచుకోవచ్చు. మీ గడువు ఎన్ని రోజులో ఆ యాప్ ఇచ్చిన కేఎఫ్ఎస్‌లో చూడండి.)